సెటిల్‌మెంట్‌లో డబ్బు తక్కువ పడిందని ఈమెయిల్ పెట్టే ముందు

"గత వారం మా అమ్మకాలు 84,600 రూపాయలు. మీరు ఖాతాలో వేసింది 74,526 రూపాయల 60 పైసలు. మిగతా పదివేలు ఎక్కడ? వెంటనే వేయండి."

కొన్నవాళ్లు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బును వసూలు చేసి అమ్మకందారు ఖాతాలో వేసేది, అంటే సెటిల్ చేసేది పేమెంట్ గేట్‌వే. దాని సపోర్ట్‌కు చిన్న అమ్మకందారులు రాసే ఈమెయిల్ చాలాసార్లు ఇలాగే ఉంటుంది. కోపం న్యాయమైనదే, డబ్బు నిజంగానే తక్కువ పడి ఉండొచ్చు కూడా. కానీ ఈ ఈమెయిల్‌కు వచ్చే జవాబు ముందే తెలిసిపోతుంది: "చార్జీలు, రీఫండ్‌లు మినహాయించి సెటిల్ చేశాం, వివరాలకు మీ రిపోర్ట్ చూసుకోండి." దాంతో టికెట్ మూసేస్తారు. అవతలి వాళ్ల దురుద్దేశం సంగతి పక్కన పెడితే, ఈ ఈమెయిల్‌లో వాళ్లు వెతికి చూడగలిగింది ఒక్కటీ లేదు. మొత్తానికి మొత్తం పోల్చి అడిగితే, మొత్తం మీదే ఒక మాట చెప్పి పంపించేస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క వేసి చూద్దాం. నారాయణపేటలో ఒకామె చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుందనుకుందాం. సొంత చిన్న వెబ్‌సైట్, దానికి ఒక పేమెంట్ గేట్‌వే, చీరలేమో ఊళ్లోని నాలుగైదు మగ్గాల నుంచి. బతుకమ్మ దగ్గర పడుతున్న రోజులు కాబట్టి ఆర్డర్లు బాగానే ఉన్నాయి. సెప్టెంబర్ 8 సోమవారం నుంచి 14 ఆదివారం దాకా వెబ్‌సైట్ లెక్క ప్రకారం 34 ఆర్డర్లు, మొత్తం 84,600 రూపాయలు. మగ్గాల వాళ్లకు డబ్బులు ఇవ్వాల్సిన రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే పదివేలు తక్కువ కనిపించింది. టెన్షన్ రాక ఏమవుతుంది?

మొదట చూడాల్సింది చార్జీ. ఈమె ఒప్పందంలో రేటు 2 శాతం, ఆ చార్జీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే వందకు 2 రూపాయల 36 పైసలు పోతాయి. 84,600 మీద అది 1,996 రూపాయల 56 పైసలు. కాబట్టి చేతికి రావాల్సింది 82,603 రూపాయల 44 పైసలు, వచ్చింది 74,526 రూపాయల 60 పైసలు. అసలు వెతకాల్సిన తేడా 8,076 రూపాయల 84 పైసలు.

యూపీఐకి చార్జీ లేదంటారు కదా, మరి దానికీ 2 శాతం ఎందుకు పట్టారని చాలామంది ఇక్కడే పేచీ పెడతారు. 2020 జనవరి నుంచి యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద వ్యాపారి నుంచి బ్యాంకులు తీసుకునే చార్జీ, అంటే ఎండీఆర్, సున్నా అన్న మాట నిజమే. అయితే గేట్‌వే తన సేవకు అంటూ విడిగా రుసుము తీసుకుంటుంది, అది ఒప్పందంలో రాసి ఉంటుంది. ఒప్పందంలో లేని రేటు పట్టుకుంటే అడగాలి, ఉంటే ఆ వాదన ఈ ఈమెయిల్‌లో పెట్టకూడదు. అసలు ఫిర్యాదు పక్కకు పోతుంది. ఇంకో సంగతి, 2,000 రూపాయల లోపు కార్డు చెల్లింపుల విషయంలో రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న పేమెంట్ అగ్రిగేటర్, అంటే మనం గేట్‌వే అంటున్న ఇలాంటి సంస్థ, తీసుకునే చార్జీకి జీఎస్టీ మినహాయింపు వర్తిస్తుందని 2024 డిసెంబర్ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం స్పష్టం చేసింది. చిన్న వస్తువులు అమ్మేవాళ్లు అది చూసుకోవాలి. మన ఉదాహరణలో ప్రతి ఆర్డరూ 2,000 పైనే కాబట్టి లెక్క మారదు.

రిపోర్ట్ చదవడంలో మరో చిక్కు ఉంది, దీనివల్ల లేని లోటు కనిపిస్తుంది. కొన్ని గేట్‌వేల రిపోర్ట్‌లో `fee`, `tax` అని రెండు గళ్లు ఉంటాయి. ఈ `fee`లోనే జీఎస్టీ కలిసి ఉంటుంది, అందులో పన్ను భాగం ఎంతో తెలియడానికి మాత్రమే `tax` గడి. 2,500 రూపాయల చీరకు `fee` 59 రూపాయలు, `tax` 9 రూపాయలు అని ఉంటే పోయేది 59 మాత్రమే, 68 కాదు. రెండూ తీసేసి లెక్క వేస్తే ఒక్కో చీర మీద 9 రూపాయల తప్పు వస్తుంది. ఇలాంటి చోట వారం మొత్తం మీద 304 రూపాయలకు పైగా అబద్ధపు తేడా తేలి, దాన్ని పట్టుకుని వాదన మొదలవుతుంది. ఒక్క వరుస తీసుకుని చేత్తో లెక్క వేస్తే తమ రిపోర్ట్ ఏ రకమో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. కొన్ని ఫైళ్లలో అంకెలు పైసల్లో ఉంటాయి, 2,500 రూపాయలు 250000 అని కనిపిస్తుంది, అది కూడా గమనించాలి.

ఇక తేదీల గొడవ. తేడాల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే. వెబ్‌సైట్ ఆర్డర్ పెట్టిన తేదీని లెక్కిస్తుంది. గేట్‌వే డబ్బు తనకు అందినట్టు నమోదైన తేదీని, అంటే క్యాప్చర్ అయిన తేదీని చూస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించేది ఖాతాలో పడిన తేదీ. ఒకే చీరకు మూడు తేదీలు. ఈమె గేట్‌వే రెండు పని దినాల తర్వాత డబ్బు వేస్తుంది. సోమవారం అమ్మింది బుధవారం పడుతుంది. 11వ తేదీ గురువారం అమ్మిందైతే శుక్రవారం ఒక రోజు, 13 రెండో శనివారం, 14 ఆదివారం సెలవులు కాబట్టి 15 సోమవారం పడుతుంది. శుక్ర, శని, ఆదివారాలవి మూడూ కలిసి 16 మంగళవారం వస్తాయి. అందుకని 8 నుంచి 14 దాకా అమ్మకాలను 10 బుధవారం నుంచి 16 మంగళవారం దాకా పడిన డబ్బుతో పోల్చాలి. అదే 8 నుంచి 14 దాకా స్టేట్‌మెంట్‌తో పోలిస్తే లెక్క ఎప్పటికీ టాలీ కాదు. ఈ ఉదాహరణలోని 74,526 రూపాయల 60 పైసలు 10 నుంచి 16 దాకా పడినవే.

వారాలు సరిగ్గా పోల్చినా అంచుల దగ్గర జారిపోయేవి ఉంటాయి. 14 ఆదివారం రాత్రి పదకొండున్నర దాటాక రెండు ఆర్డర్లు వచ్చాయి, 2,200 ఒకటి, 2,100 ఒకటి. కొన్నవాళ్లు డబ్బు కట్టడం పూర్తయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. వెబ్‌సైట్‌కు అవి ఆదివారం ఆర్డర్లు, గేట్‌వేకి సోమవారం చెల్లింపులు, పడేది 17 బుధవారం. వాటి చార్జీ పోను 4,198 రూపాయల 52 పైసలు వచ్చే వారం లెక్కలోకి వెళ్లింది. అదే పద్ధతిలో ముందు ఆదివారం, 7వ తేదీ రాత్రి ఆర్డర్ ఒకటి, 2,200 రూపాయలది, ఈ వారం సెటిల్‌మెంట్‌లోకి వచ్చి పడింది, చార్జీ పోను 2,148 రూపాయల 8 పైసలు. దీన్ని చాలామంది చూడరు. తక్కువ పడినవే వెతుకుతారు, ఎక్కువ వచ్చినవి వెతకరు. కానీ ఇలా ఎక్కువ వచ్చిన డబ్బు అసలు లోటును కప్పేస్తుంది. పైకి 8,076 అని కనిపిస్తున్న తేడా కింద ఉన్నది నిజానికి 10,224 రూపాయల 92 పైసలు.

అందుకే మొత్తాలను వదిలేసి వరుసకు వరుస పోల్చాలి. ప్రతి చెల్లింపుకీ గేట్‌వే ఇచ్చే పేమెంట్ ఐడీ ఉంటుంది. వెబ్‌సైట్ నుంచి తీసిన ఆర్డర్ల షీట్‌లో ఆ ఐడీ ఒక గడిలో ఉండాలి. గేట్‌వే నుంచి దించుకున్న సెటిల్‌మెంట్ రిపోర్ట్‌ను అదే ఫైల్‌లో `Settlement` అనే షీట్‌గా పెట్టి, ఆర్డర్ల షీట్‌లో రెండో వరుస పక్క గడిలో ఇది రాసి చివరి వరుస దాకా కిందికి లాగితే చాలు:

```
=COUNTIF(Settlement!$A:$A, A2)
```

రెండు షీట్లలోనూ ఐడీలు A నిలువు వరుసలో ఉన్నాయనుకుని రాసింది ఇది. 1 వస్తే ఆ చెల్లింపు సెటిల్ అయింది, 0 వస్తే కాలేదు. ఐడీ చివర కనిపించని ఖాళీ ఉంటే, ఉన్న చెల్లింపుకి కూడా 0 చూపిస్తుంది, కాబట్టి 0 వచ్చినవాటిని ఒకసారి చేత్తో వెతకాలి. తర్వాత ఇదే పనిని తిరగేసి చేయాలి, అంటే సెటిల్‌మెంట్ షీట్‌లో ఉండి ఆర్డర్లలో లేనివి ఏవో చూడాలి. ముందు వారం ఆర్డరూ, రీఫండ్‌లూ బయటపడేది ఈ రెండో పనిలోనే. యూపీఐ రిఫరెన్స్ నెంబర్ 12 అంకెలుంటుంది. ఎక్సెల్ దాన్ని 5.25E+11 లాగా చూపిస్తుంది, ముందు సున్నా ఉంటే మింగేస్తుంది. ఫైల్ తెరిచేటప్పుడే ఆ గడిని టెక్స్ట్‌గా పెట్టుకోకపోతే, తర్వాత ఈమెయిల్‌లో రాసే నెంబరే తప్పు అవుతుంది.

ఈ ఉదాహరణలో 34 ఆర్డర్లలో మూడింటికి సున్నా వచ్చింది. రెండు ఆదివారం రాత్రివి. మూడోది 11 గురువారం నాటి 3,600 రూపాయల ఆర్డర్. రెండో వైపు నుంచి వెతికితే ముందు వారం ఆర్డర్ ఒకటీ, 2,450 రూపాయల రీఫండ్ ఒకటీ దొరికాయి. ఆ రీఫండ్ ముందు వారం అమ్మిన చీరది, అంచు రంగు నచ్చలేదని తిరిగి వచ్చింది. ఆమే డ్యాష్‌బోర్డ్‌లో రీఫండ్ నొక్కింది, గేట్‌వే ఈ వారం డబ్బుల్లోంచి కోసుకుంది. అమ్మినప్పుడు పోయిన 57 రూపాయల 82 పైసల చార్జీ కూడా తిరిగి రాలేదు. చాలా గేట్‌వేల ఒప్పందాల్లో అది తిరిగి ఇవ్వరు. బాధగానే ఉంటుంది, కానీ అది వాపసు చేసిన చీర ఖర్చు, సెటిల్‌మెంట్ తప్పు కాదు.

ఇంకా ఒక 61 రూపాయల 36 పైసలు తేలలేదు. సెటిల్ అయిన వరుసల్లో చార్జీని అమ్మకంతో భాగిస్తే 2.36 శాతం రావాలి. ఒక్కదానికి మాత్రం 3.54 వచ్చింది. 5,200 రూపాయల ఆర్డర్, హైదరాబాద్ నుంచి కొన్నవాళ్లు తమ కంపెనీ ఇచ్చిన క్రెడిట్ కార్డుతో కట్టారు. ఒప్పందంలో అలాంటి కార్డులకు 3 శాతం అని ఉంది. విదేశీ కార్డులకూ చాలాచోట్ల రేటు ఎక్కువే, పైగా డబ్బు పడే గడువు కూడా ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్లకు చీరలు పంపేవాళ్లు ఆ ఆర్డర్లను వేరుగా చూసుకోవడం మంచిది.

అన్నీ తీసేశాక మిగిలింది ఒక్కటే. గురువారం నాటి 3,600 రూపాయల ఆర్డర్, చార్జీ పోను 3,515 రూపాయల 4 పైసలు. పదివేలు అని మొదలైన ఫిర్యాదు మూడున్నర వేలకు వచ్చింది. తగ్గిపోయిందని బాధ పడక్కర్లేదు, ఇప్పుడు చేతిలో ఉన్నది అవతలి వాళ్లు కాదనలేని లెక్క.

అయినా ఈమెయిల్ పెట్టే ముందు ఇంకొకటి తేల్చుకోవాలి, ఆ 3,600 అసలు గేట్‌వేకి అందిందా? చిన్న అమ్మకాల్లో నిజంగా జరిగేది ఒకటుంది. కొన్నవాళ్ల ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, వెబ్‌సైట్‌లో మాత్రం ఫెయిల్ అని వస్తుంది. వాళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతారు. "అక్కా, పైసలు పోయినయ్, సూడు" అంటారు. పండగ ముందు ఎందుకులే అని అమ్మేవాళ్లు ఆర్డర్‌ను చేత్తో పెయిడ్ అని మార్చి చీర పంపేస్తారు. ఆ డబ్బు గేట్‌వేకి చేరదు, వెనక్కి కొన్నవాళ్ల ఖాతాకే పోతుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో పెట్టిన గడువుల ప్రకారం, యూపీఐలో అమ్మకందారుకు నిర్ధారణ అందని చెల్లింపును ఐదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆ పరిహారం కూడా కొన్నవాళ్లకే, అమ్మినవాళ్లకు కాదు. అలాంటి ఆర్డర్ మీద గేట్‌వేని అడిగితే వాళ్లు చూపించేది "ఫెయిల్డ్" అన్న ఒక్క మాట, దాంతో కథ అయిపోతుంది. అప్పుడు మాట్లాడాల్సింది చీర కొన్నవాళ్లతోనే.

దీనికి దగ్గరదే మరొకటి, చెల్లింపు `authorized` దగ్గరే ఆగిపోవడం. బ్యాంకు సరే అంది కానీ డబ్బు తీసుకునే రెండో అడుగు, `captured`, పడలేదు. కొన్ని వెబ్‌సైట్ ప్లగిన్‌లు మొదటి అడుగు చూసే ఆర్డర్‌ను పెయిడ్ అని రాసేస్తాయి. గడువులోగా క్యాప్చర్ కాకపోతే గేట్‌వే ఆ డబ్బును దానంతట అదే వెనక్కి పంపేస్తుంది. ఇదైతే సరిచేయాల్సింది ప్లగిన్ సెట్టింగ్‌ను.

ఈమె 3,600 ఆర్డర్ ఈ రెండింటిలో ఏదీ కాదు. డ్యాష్‌బోర్డ్‌లో స్థితి `captured` అని ఉంది, చార్జీ కూడా పట్టినట్టు చూపిస్తోంది, సెటిల్‌మెంట్ ఐడీ ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. అదే గురువారం వచ్చిన మిగతా నాలుగు చెల్లింపులూ సోమవారం పడ్డాయి. ఈ చివరి మాట చాలా బలమైనది, ఎందుకంటే "గడువు ఇంకా ఉంది" అన్న జవాబుకు అవకాశం ఇవ్వదు.

ఇప్పుడు రాసే ఈమెయిల్ ఇలా ఉంటుంది. సపోర్ట్‌కు ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినా వరుస ఇదే. ఇందులో యూటీఆర్ అంటే ఖాతాలో పడిన ఒక్కో బ్యాంకు బదిలీకీ ఉండే నెంబర్.

"విషయం: సెప్టెంబర్ 11 నాటి ఒక చెల్లింపు సెటిల్ కాలేదు, రావాల్సింది 3,515.04 రూపాయలు.

నమస్తే. మా మర్చంట్ ఐడీ కింద ఉంది. సెప్టెంబర్ 8 నుంచి 14 దాకా మా ఆర్డర్లను మీ సెటిల్‌మెంట్ రిపోర్ట్‌తో పేమెంట్ ఐడీ వారీగా సరిచూశాం. చార్జీలు, ఒక రీఫండ్, 15వ తేదీన క్యాప్చర్ అయిన రెండు చెల్లింపులు మినహాయించాం, వాటి మీద మాకు అభ్యంతరం లేదు. ఒక చెల్లింపు మాత్రం ఏ సెటిల్‌మెంట్‌లోనూ లేదు. దాని పేమెంట్ ఐడీ, యూపీఐ రిఫరెన్స్ నెంబర్, క్యాప్చర్ అయిన సమయం కింద ఇస్తున్నాం. మొత్తం 3,600, చార్జీ జీఎస్టీతో కలిపి 84.96, రావాల్సింది 3,515.04. అదే రోజు క్యాప్చర్ అయిన మిగతా నాలుగు చెల్లింపులు 15వ తేదీన మా ఖాతాలో పడ్డాయి, ఆ సెటిల్‌మెంట్ యూటీఆర్ నెంబర్ కూడా ఇస్తున్నాం. ఈ చెల్లింపు సెటిల్ అయి ఉంటే ఏ సెటిల్‌మెంట్ ఐడీలో, ఏ యూటీఆర్‌తో అయిందో చెప్పండి. ఆపి ఉంచితే కారణం, మా నుంచి కావాల్సిన పత్రాలు చెప్పండి. వెనక్కి పంపి ఉంటే రీఫండ్ ఐడీ, తేదీ చెప్పండి."

ఇందులో పనిచేసేది చివరి మూడు వాక్యాలు. డబ్బు వేయండి అని అడగలేదు, డబ్బు ఉండగలిగిన మూడు చోట్లూ చెప్పి ఎక్కడుందో తేల్చమంది. రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి మార్గదర్శకాల నుంచీ బ్యాంకు కాని పేమెంట్ అగ్రిగేటర్లు వ్యాపారుల కోసం వసూలు చేసిన డబ్బును ఎస్క్రో ఖాతాలోనే, అంటే ఆ డబ్బు కోసమే విడిగా ఉంచే బ్యాంకు ఖాతాలోనే పెట్టాలి. అంటే ఆ 3,600 ఏదో ఒక లెక్కలో కచ్చితంగా ఉంటుంది, దాన్ని చూపించడం వాళ్ల బాధ్యత. ఒప్పుకున్న కోతలను ముందే ఒప్పుకోవడం వల్ల "చార్జీలు మినహాయించాం" అన్న అచ్చు జవాబు పనికిరాకుండా పోతుంది.

జత చేయాల్సినవి తక్కువే. ఆ ఒక్క ఆర్డర్ వరుస, ఆ రోజు సెటిల్‌మెంట్ రిపోర్ట్, 10 నుంచి 16 దాకా స్టేట్‌మెంట్‌లో గేట్‌వే జమలు ఉన్న పేజీ. మొత్తం 34 మంది పేర్లు, ఫోన్ నెంబర్లు, ఇంటి అడ్రస్‌లు ఉన్న ఫైల్‌ను అలాగే పంపడం తప్పు, వాళ్ల వివరాలతో ఈ ఫిర్యాదుకు పని లేదు. ఈమెయిల్ పెట్టేది కూడా డ్యాష్‌బోర్డ్‌లో లాగిన్ అయి టికెట్ ద్వారానో, అక్కడ ఇచ్చిన అడ్రస్‌కో. గూగుల్‌లో కస్టమర్ కేర్ నెంబర్ వెతికి ఫోన్ చేస్తే మోసగాళ్ల చేతిలో పడే ప్రమాదం ఉంది. ఓటీపీ అడిగినా, స్క్రీన్ షేర్ చేయమన్నా అది సపోర్ట్ కాదు.

జవాబు వచ్చాక కూడా పని ఉంటుంది. "సెటిల్ చేశాం" అని యూటీఆర్ ఇస్తే, ఆ నెంబర్‌ను బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతికి, ఆ జమ మొత్తంలో 3,515 రూపాయల 4 పైసలు కలిసి ఉందో లేదో ఆ సెటిల్‌మెంట్ వరుసలన్నీ కూడి చూడాలి. యూటీఆర్ ఉన్నంత మాత్రాన ఈ చెల్లింపు అందులో ఉన్నట్టు కాదు. పరిశీలన కోసం ఆపామంటే ఆ చీర బిల్లు, కొరియర్ ట్రాకింగ్ నెంబర్, అందినట్టు రుజువు పంపాలి. అందుకే కొరియర్ రసీదులు కనీసం కొన్ని నెలలు దాచాలి. జవాబు మళ్లీ అచ్చు మాటలే అయితే అదే టికెట్ నెంబర్‌తో నోడల్ అధికారికి పంపాలి. ఫిర్యాదులు చూడటానికి నోడల్ అధికారిని పెట్టాలని ఆ 2020 మార్గదర్శకాలే చెప్పాయి, సంప్రదించే వివరాలు సాధారణంగా గేట్‌వే వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల పేజీలో దొరుకుతాయి. కొత్త ఈమెయిల్ మొదలుపెడితే మొదటి రోజు నుంచి మళ్లీ లెక్క మొదలవుతుంది, కాబట్టి పాత దాని మీదే జవాబుగా రాయాలి.

డబ్బు పడితే అది ఏదో తర్వాతి వారం సెటిల్‌మెంట్‌లో కలిసి వస్తుంది. ఆ రోజే పాత షీట్‌లో 3,600 వరుస పక్కన కొత్త సెటిల్‌మెంట్ ఐడీ, తేదీ రాసి పెట్టుకోవాలి. 17వ తేదీన పడిన రెండు ఆదివారం ఆర్డర్ల పక్కన కూడా అంతే. లేకపోతే ఆ వారం 7,713 రూపాయలు ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది, ఆ ఎక్కువ కింద ఇంకో చీర డబ్బు పోయినా ఎవరి కంటా పడదు.